బొమ్మలోని వెలుతురుకు సరైన మాటలు

ఒక ఫోటోలోనో చిత్రంలోనో ఉన్న వెలుతురును, ఆ బొమ్మ చూడని మనిషి కూడా తిరిగి అలాగే అమర్చగలిగేలా చెప్పినప్పుడే ఆ వర్ణన కచ్చితమైనది. "వెలుతురు హాయిగా ఉంది", "దృశ్యం నాటకీయంగా ఉంది" లాంటి మాటలు చూసినవారికి ఏమనిపించిందో చెబుతాయి. లైటు ఎక్కడ పెట్టాలో, ఎంత ఎత్తున పెట్టాలో, దానికి తెర కట్టాలో అక్కర్లేదో చెప్పవు. ఛాయాగ్రాహకుడు తన లైటింగ్ సిబ్బందికి, చిత్రకారుడు రిఫరెన్స్ ఫోటో ముందు పెట్టుకుని తనకు తాను, యానిమేషన్ స్టూడియోలో ఒక విభాగం మరో విభాగానికి చెప్పుకోవాల్సింది ఈ రెండో రకం సంగతులే.

వెలుతురు దేనిమీదో పడ్డాకే కంటికి కనిపిస్తుంది. అందుకే దాన్ని వర్ణించాలంటే అది పడిన చోటును, పడని చోటును, ఆ రెంటి మధ్య ఉన్న అంచును చూడాలి. ఈ మూడింటినీ చూసి నాలుగు ప్రశ్నలకు జవాబు రాసుకుంటే చాలావరకు పని పూర్తయినట్టే. వెలుతురు ఏ దిక్కునుంచి, ఎంత ఎత్తునుంచి వస్తోంది? నీడ అంచు పదునుగా ఉందా, కరిగిపోయినట్టు ఉందా? నీడ చిక్కగా ఉందా, పలచగా ఉందా? వెలుగు భాగానికీ నీడ భాగానికీ రంగులో తేడా ఏమిటి?

దిక్కు, ఎత్తు

మొదట తేల్చుకోవాల్సింది ఎవరి ఎడమ, ఎవరి కుడి అన్నది. బొమ్మలోని మనిషి కుడి చెంప చూసేవారికి ఎడమవైపు ఉంటుంది. "ఎడమనుంచి వెలుతురు" అని ఊరుకుంటే వినేవారిలో సగంమంది లైటును అవతలి పక్కన పెడతారు. అందుకని ఎప్పుడూ చూసేవారి ఎడమ, చూసేవారి కుడి అనే లెక్కలో చెప్పి, ఆ లెక్కను చివరిదాకా మార్చకుండా ఉంచాలి.

తర్వాత వెలుతురు ముందునుంచి వస్తోందా, పక్కనుంచా, వెనకనుంచా అన్నది చూడాలి. ముఖం ఉన్న బొమ్మలో దీన్ని ముక్కు నీడే చెబుతుంది. లైటు కెమెరా పక్కనే ఉంటే ముక్కు నీడ దాదాపు కనిపించదు, ముఖం చదునుగా ఉంటుంది. లైటు పక్కకు జరిగేకొద్దీ ముక్కు నీడ అవతలి చెంప మీదికి సాగుతుంది. సరిగ్గా పక్కకు, అంటే 90 డిగ్రీలకు వచ్చేసరికి ముఖం సగం వెలుగు, సగం నీడగా విడిపోతుంది. ఇంకా వెనక్కి వెళితే చెంప అంచున, జుట్టు అంచున సన్నని వెలుగు గీత మాత్రమే మిగులుతుంది. కంటిపాపలో మెరిసే చుక్క కూడా సాక్ష్యమే. అది పాపకు ఏ పక్కన ఉందో చూస్తే లైటు ఉన్న వైపు తెలుస్తుంది. చుక్క పలకగా ఉంటే కిటికీ గానీ తెర కట్టిన లైటు గానీ అయి ఉంటుంది.

ఎత్తును నేల మీది నీడ పొడవుతో కొలవవచ్చు. నిలబడ్డ వస్తువు ఎత్తూ దాని నీడ పొడవూ సమానంగా ఉంటే వెలుతురు 45 డిగ్రీల ఎత్తునుంచి వస్తున్నట్టు. నీడ వస్తువుకు రెట్టింపు ఉంటే ఆ కోణం 27 డిగ్రీల దగ్గర, సగమే ఉంటే 63 డిగ్రీల దగ్గర ఉంటుంది. "కాస్త పైనుంచి" అనే బదులు "నీడ మనిషి ఎత్తులో సగం" అని రాస్తే వినేవారికి ఊహించుకునే పని ఉండదు. ఒక్క జాగ్రత్త మాత్రం అవసరం. కెమెరా వైపుకో, దూరంగానో సాగే నీడ బొమ్మలో కుదించుకుపోయి కనిపిస్తుంది. అడ్డంగా పడిన నీడనే కొలతకు నమ్మాలి.

నీడ అంచు

మెత్తని వెలుతురు, గట్టి వెలుతురు అనే మాటలు నిజానికి నీడ అంచు గురించినవి. వెలుతురు ఎక్కువా తక్కువా అన్నదానితో వాటికి సంబంధం లేదు. చాలామంది మెత్తదనాన్ని మసక వెలుతురుగా, గట్టిదనాన్ని ప్రకాశంగా అర్థం చేసుకుంటారు. పున్నమి వెన్నెల ఎంతో తక్కువ వెలుతురు, అయినా దానిలో నీడల అంచులు పదునుగానే ఉంటాయి. మబ్బు కమ్మిన పగలు వెన్నెల కంటే ఎన్నో వేల రెట్లు ఎక్కువ వెలుతురు, అయినా నీడకు అంచే దొరకదు.

అంచును తేల్చేది, వెలుతురు పడే చోటునుంచి చూస్తే దాని మూలం ఎంత వెడల్పుగా కనిపిస్తుందన్నది. సూర్యుడు ఎంత పెద్దవాడైనా భూమి మీదనుంచి అర డిగ్రీ వెడల్పే కనిపిస్తాడు. చంద్రుడూ అంతే. అందుకే రెంటి నీడలూ పదునుగా పడతాయి. మీటరున్నర వెడల్పు కిటికీకి మీటరున్నర దూరంలో కూర్చున్న మనిషికి ఆ కిటికీ దాదాపు 53 డిగ్రీల మేర పరుచుకుని కనిపిస్తుంది. అంటే సూర్యుడి కంటే నూరు రెట్లు వెడల్పు. ముక్కు అడ్డొచ్చినా ఆ కిటికీలో కొంత భాగం చెంపకు కనిపిస్తూనే ఉంటుంది. ఆ కొంత కొంతే కలిసి వెలుగునుంచి నీడలోకి మెల్లగా దిగే మార్పుగా కనిపిస్తుంది. అదే మనిషి కిటికీకి 5 మీటర్ల దూరానికి వెనక్కి వెళితే కిటికీ 17 డిగ్రీలకు కుదించుకుపోతుంది, అంచు అంత మేరకు పదునెక్కుతుంది. కాబట్టి "కిటికీ వెలుతురు" అన్నంత మాత్రాన మెత్తదనం ఎంతో తెలియదు. కిటికీ ఎంత పెద్దది, మనిషి దానికి ఎంత దూరం అన్నవి కూడా చెప్పాలి. ఆ కిటికీలోంచి ఎండ నేరుగా గదిలో పడుతుంటే సంగతే మారిపోతుంది. అప్పుడు కిటికీ కేవలం ఒక కంత, మూలం సూర్యుడే. నేల మీద ఊచల నీడలు గీసినట్టు పడతాయి.

నీడ అంచు మరో సంగతి మీద కూడా ఆధారపడుతుంది. నీడనిచ్చే వస్తువు నీడ పడే చోటికి ఎంత దూరంలో ఉందన్నదే అది. ఎండలో నేలకు మీటరు దూరంలో కర్ర పట్టుకుంటే, నీడ నేల మీద నిటారుగా పడినప్పుడు, దాని అంచు సుమారు 9 మిల్లీమీటర్ల మేర మసకబారుతుంది. 5 సెంటీమీటర్ల దూరంలో పట్టుకుంటే ఆ మసక అర మిల్లీమీటరు కూడా ఉండదు. దూరాన్ని 110తో భాగిస్తే వచ్చేదే ఆ మసక వెడల్పు. వేపచెట్టు కింద మధ్యాహ్నం కనిపించే గుండ్రని వెలుగు మచ్చలకూ ఇదే కారణం. ఆకుల సందు ఏ ఆకారంలో ఉన్నా, అది చిన్నదైతే దానిలోంచి నేల మీద పడేది సూర్యుడి బింబమే. 3 మీటర్ల ఎత్తు కొమ్మ కింద ఆ మచ్చ సుమారు 3 సెంటీమీటర్లు ఉంటుంది. కాబట్టి ఒకే ఎండలో చొక్కా కాలరు కింది నీడ పదునుగా, కొమ్మల నీడ మసకగా ఉండవచ్చు. బొమ్మలో మసక నీడ ఒకటి కనిపించగానే మెత్తని వెలుతురు అని రాయకుండా, వస్తువుకు ఆనుకుని ఉన్న నీడను కూడా చూసి తేల్చుకోవాలి.

గట్టి వెలుతురును కావాలని మెత్తబరచడం సినిమా పనిలో నిత్యం జరిగేదే. సత్యజిత్ రాయ్ 1956లో తీసిన 'అపరాజితో' చిత్రంలో కాశీలోని ఇంటి లోగిలిని స్టూడియోలో సెట్‌గా వేశారు. అలాంటి లోగిలిలోకి ఆకాశపు వెలుతురు పైనుంచి ఒకే తీరుగా దిగుతుంది, ఎక్కడా గట్టి నీడ పడదు. ఛాయాగ్రాహకుడు సుబ్రత మిత్ర ఆ సెట్ మీద తెల్లని గుడ్డ పరిపించి, లైట్లను మనుషుల మీదికి కాకుండా ఆ గుడ్డ మీదికి తిప్పి, అక్కడినుంచి తిరిగి వచ్చిన వెలుతురుతో చిత్రీకరించారు. లోగిలి వెలుతురును "పైనుంచి, చాలా వెడల్పైన మూలం, అంచు లేని నీడ" అని విడదీసి చూసుకున్నప్పుడు గుడ్డ ఎక్కడ కట్టాలో, లైటు ఎటు తిప్పాలో ఆ మాటల్లోనే ఉంటుంది.

నీడ చిక్కదనం

అంచు ఒక సంగతి, లోతు మరో సంగతి. అంచు కరిగిపోయిన నీడ చిక్కగా నల్లగా ఉండవచ్చు, పదునైన అంచున్న నీడ పలచగా ఉండవచ్చు. నల్ల గోడల గదిలో ఒకే ఒక్క కిటికీ ఉంటే మొదటిది జరుగుతుంది. అంతటా సున్నం కొట్టిన వీధిలో ఎండ పడితే రెండోది జరుగుతుంది. నీడ ఎంత చిక్కగా ఉంటుందో తేల్చేది అసలు లైటు కాదు. గోడలనుంచి, నేలనుంచి, ఆకాశంనుంచి తిరిగి వచ్చి నీడలో పడే రెండో వెలుతురు దాన్ని తేలుస్తుంది.

ఛాయాగ్రాహకులు ఈ తేడాను స్టాపుల్లో చెబుతారు. వెలుగు భాగంలో నీడ భాగం కంటే రెట్టింపు వెలుతురు ఉంటే ఒక స్టాపు తేడా, నాలుగు రెట్లుంటే రెండు, ఎనిమిది రెట్లుంటే మూడు. నిర్మలమైన ఆకాశం కింద ఎండకూ ఆరుబయటి నీడకూ తేడా చాలాసార్లు మూడు స్టాపుల దగ్గర ఉంటుంది. ఈ లెక్క అలవాటు లేనివారు నీడలో ఏమేం కనిపిస్తున్నాయో రాస్తే సరిపోతుంది. నీడలో చీర నేత పోగులు కనిపిస్తున్నాయా, మడతలు మాత్రమే కనిపిస్తున్నాయా, లేక అంతా ఒకే నలుపా? ఈ మూడు మెట్లలో ఏదో చెప్పినా వినేవారికి పని జరుగుతుంది.

అయితే ఫోటోలోని చిక్కదనాన్ని పూర్తిగా నమ్మడానికి లేదు. ఎండ పడిన భాగానికి సరిపోయేలా కెమెరాను అమర్చితే నీడలు ఉన్నదానికంటే నల్లబడతాయి. ఇప్పటి ఫోన్లు దీనికి విరుద్ధం. అవి చాలా ఫ్రేములను కలిపి నీడలను పైకి లేపుతాయి. అలాంటి ఫోటోలో నీడ పలచగా కనిపించినా అంచు మాత్రం కత్తిరించినట్టే ఉంటుంది. అంచును ఫోన్ అంత తేలికగా మార్చలేదు. అంచు, చిక్కదనం ఒకదానితో ఒకటి పొసగనట్టు కనిపిస్తే వెలుతురు స్వభావానికి అంచునే ముందు సాక్ష్యంగా తీసుకోవాలి.

రంగు

వెలుతురు రంగును వస్తువు రంగుతో కలిపేయడం ఎక్కువగా జరిగే తప్పు. పసుపు గోడ ఉన్న గదిని చూసి "వెచ్చని వెలుతురు" అని రాసేస్తారు. వెలుతురు రంగును తెల్లని వస్తువు మీదే చూడాలి. తెల్ల చొక్కా, కాగితం, సున్నం గోడ, కంటి తెలుపు అందుకు పనికొస్తాయి. ఆ తెలుపు వెలుగులో ఏ ఛాయకు తిరిగింది, నీడలో ఏ ఛాయకు తిరిగింది అని రెండు చోట్లా చూసి తేడా రాయాలి.

కొలతకు కెల్విన్ అనే ప్రమాణం వాడుకలో ఉంది. కొవ్వొత్తి మంట 1,900 దగ్గర, పాతకాలపు ఫిలమెంట్ బల్బు 2,800 దగ్గర, మధ్యాహ్నపు ఎండ 5,500 దగ్గర ఉంటాయి. నీలాకాశం వెలుతురు మాత్రమే పడే నీడ 7,000 దాటి ఇంకా పైకి వెళుతుంది. అంకె పెరిగేకొద్దీ వెలుతురు నీలం వైపు, తగ్గేకొద్దీ నారింజ వైపు జరుగుతుంది. అయితే కెమెరా తెలుపును తనకు తానే సరిచేసుకుంటుంది కాబట్టి ఫోటోను చూసి అసలు అంకె చెప్పడం కుదరదు. "ఎండ పడిన తెలుపు కొద్దిగా పసుపు, నీడలోని తెలుపు స్పష్టంగా నీలం" అన్న తేడాను చెప్పడం కుదురుతుంది, అదే ఎక్కువ నమ్మదగినది.

కిటికీ వెలుతురు: వెర్మీర్ 'పాలు పోసే పనిమనిషి'

ఈ నాలుగు ప్రశ్నలను ఒక బొమ్మకు పెట్టి చూస్తే పద్ధతి తేలికగా తెలుస్తుంది. డచ్ చిత్రకారుడు యోహానెస్ వెర్మీర్ 1650ల చివరి సంవత్సరాల్లో వేసిన ఈ చిత్రం ఆమ్‌స్టర్‌డామ్‌లోని రైక్స్ మ్యూజియంలో ఉంది. సుమారు 45 సెంటీమీటర్ల ఎత్తు, 41 సెంటీమీటర్ల వెడల్పు ఉన్న చిన్న చిత్రం. పసుపు రవికె, నీలం ఏప్రన్, తెల్ల టోపీ ధరించిన పనిమనిషి బల్ల దగ్గర నిలబడి కూజాలోంచి గిన్నెలోకి పాలు పోస్తుంటుంది. చూసేవారి ఎడమవైపు కిటికీ, వెనక ఖాళీ తెల్ల గోడ.

దిక్కు తేలికగానే తెలుస్తుంది, ఎందుకంటే కిటికీ బొమ్మలోనే ఉంది. అయినా దాన్ని నీడలతో సరిచూసుకోవడం మంచిది. ఆమె ముఖంలో, చేతుల్లో చూసేవారి ఎడమవైపు భాగాలు వెలుగుతున్నాయి, కుడివైపు భాగాలు నీడలోకి దిగుతున్నాయి. గోడకు పైన దిగ్గొట్టిన మేకు కూడా తన చిన్న నీడను కుడివైపుకే వేస్తుంది. మనిషి, మేకు ఒకే మాట చెబుతున్నాయి కాబట్టి ఈ దృశ్యంలో ప్రధానమైన మూలం ఒక్కటేనని రాయవచ్చు.

అంచు విషయానికి వస్తే గోడ మీద ఎండ పలక ఎక్కడా లేదు, కిటికీ చట్రం నీడ కూడా గీసినట్టు పడలేదు. అంటే ఎండ నేరుగా రావడం లేదు, ఆకాశపు వెలుతురే కిటికీ నిండా వస్తోంది. ఆమె ముఖం మీద, ముంజేతుల మీద వెలుగు నీడలోకి మెల్లగా దిగుతుంది. మేకు నీడ మాత్రం చిన్నదే అయినా చక్కగా గుర్తుపట్టేలా ఉంటుంది. మేకు గోడకు ఆనుకుని ఉంది కాబట్టి అది సహజమే.

చిక్కదనంలో ఈ చిత్రం మధ్యరకం. ఏప్రన్ నీడ భాగంలో మడతలు కనిపిస్తాయి, ముఖం నీడ భాగంలో కన్ను, చెంప తెలుస్తాయి. తెల్ల గోడ ఉన్న గది కాబట్టి అక్కడినుంచి తిరిగి వచ్చే వెలుతురు నీడను నల్లబడనివ్వలేదు. రంగును రవికె మీద చూడకూడదు, రవికె పసుపు కాబట్టి. టోపీ, గోడ చూడాలి. అక్కడ వెలుగు భాగం తటస్థానికి దగ్గరగా ఉంటుంది.

ఈ చిత్రంలో అన్నిటికంటే ముఖ్యమైన సంగతి గోడ మీద ఉంది. కిటికీకి దగ్గరగా ఉన్న గోడ మూల చీకటిగా ఉంటుంది. కుడివైపు వెళ్లేకొద్దీ గోడ వెలుగెక్కుతుంది. కిటికీకి దూరమయ్యేకొద్దీ వెలుతురు తగ్గాలన్న లెక్కతో చూడకుండానే రాసేవారు ఇక్కడ తప్పు చేస్తారు. ఈ అమరిక వల్ల ఆమె వెలుగు భాగం వెనక చీకటి గోడ, నీడ భాగం వెనక వెలుగు గోడ వస్తాయి. మనిషి గోడలో కలిసిపోకుండా రెండు వైపులా విడిగా నిలబడుతుంది. వెర్మీర్ దాన్ని ఇంకా బలపరచడానికి ఆమె కుడివైపు అంచు వెంబడి సన్నని తెల్ల గీత కూడా లాగాడు. ఇది వెలుతురు ఇచ్చింది కాదు, కుంచె ఇచ్చింది. రిఫరెన్స్ చిత్రమైతే ఇలాంటి చేర్పులను వేరుగా రాసిపెట్టాలి. లేకపోతే చదివినవారు వెనకనుంచి మరో లైటు ఉందనుకుని వెతుకుతారు.

ఇవన్నీ కలిపి రాస్తే వర్ణన ఇలా వస్తుంది: "ఒకే మూలం. చూసేవారి ఎడమవైపు పెద్ద కిటికీ, మనిషికి దగ్గరగా. నేరుగా ఎండ లేదు, ఆకాశపు వెలుతురు మాత్రమే. పక్కనుంచి, కొంచెం పైనుంచి పడుతుంది. ముఖం మీద వెలుగు నీడలోకి మెల్లగా కరుగుతుంది. నీడ మధ్యరకం చిక్కన, అందులో మడతలు కనిపిస్తాయి. తెలుపు దాదాపు తటస్థం. వెనక గోడ ఎడమ మూల చీకటి, కుడివైపుకు మెల్లగా వెలుగెక్కుతుంది. మనిషి వెలుగు భాగం చీకటి గోడ ముందు, నీడ భాగం వెలుగు గోడ ముందు." ఇందులో "ప్రశాంతం" అన్న మాట లేదు, కానీ ఆ ప్రశాంతత దేనివల్ల వచ్చిందో ఉంది.

మిట్టమధ్యాహ్నపు ఎండ

కిటికీ వెలుతురుతో పోలిస్తే మధ్యాహ్నపు ఎండను చెప్పడం సులువనిపిస్తుంది. నిజానికి "మిట్టమధ్యాహ్నం" అన్న మాట ఒక్కటే చాలా తక్కువ చెబుతుంది. హైదరాబాద్‌నే తీసుకుంటే, అక్కడ సూర్యుడు ఆకాశంలో అన్నిటికంటే ఎత్తున ఉండేది గడియారం పన్నెండు కొట్టినప్పుడు కాదు. మే నెలలో సుమారు 12 గంటల 12 నిమిషాలకు, డిసెంబరు చివర్లో 12 గంటల 17 నిమిషాల ప్రాంతంలో. ఆ ఎత్తు కూడా ఏడాదంతా ఒకటి కాదు. మే 9 ప్రాంతంలోనూ, మళ్లీ ఆగస్టు మొదట్లోనూ సూర్యుడు సరిగ్గా నడినెత్తి మీదికి వస్తాడు. నిటారుగా పాతిన కర్రకు అప్పుడు నీడే పడదు. డిసెంబరు చివర్లో అదే మధ్యాహ్నం సూర్యుడి ఎత్తు 49 డిగ్రీలే. 170 సెంటీమీటర్ల మనిషికి సుమారు 147 సెంటీమీటర్ల నీడ ఉత్తరం వైపు సాగుతుంది.

ముఖం మీద ఈ తేడా ఇంకా ఎక్కువగా కనిపిస్తుంది. మే నెల మధ్యాహ్నం నుదురు, ముక్కు పైభాగం, చెంప ఎముకలు, భుజాలు వెలుగుతాయి. కనుబొమల కింద కళ్లు నీడ గుంటల్లో మునిగిపోతాయి, పాపలో మెరుపు చుక్క ఉండదు. ముక్కు నీడ కిందికి దిగి పై పెదవి మీద పడుతుంది, గడ్డం నీడ మెడను కప్పేస్తుంది. ఆ మనిషి ఎటు తిరిగినా ఇంచుమించు ఇదే తీరు. డిసెంబరులో అలా కాదు. దక్షిణానికి తిరిగి నిలబడితే ముఖం నిండా ఎండ పడుతుంది, కళ్లు చికిలిస్తారు, ముక్కు నీడ పొట్టిగా ఉంటుంది. ఉత్తరానికి తిరిగితే ముఖం మొత్తం నీడలోకి వెళ్లి, జుట్టు మీద, భుజాల మీద వెలుగు అంచు కడుతుంది. గంట ఒకటే, ఎండ ఒకటే, బొమ్మలు మాత్రం మూడు రకాలు. అందుకే మధ్యాహ్నపు ఎండను వర్ణించేటప్పుడు నీడ పొడవు, ముఖం ఎటు తిరిగి ఉంది అన్న రెండూ తప్పక చెప్పాలి.

మూడోది కింద ఉన్న నేల. పైనుంచి పడే ఎండకు ముఖంలోని నీడ భాగాలను నింపేది ఎక్కువగా నేలే. తారు రోడ్డు మీద నిలబడితే గడ్డం కింద చీకటి. సిమెంటు చప్టా మీద నిలబడితే గడ్డం కింద, కనురెప్పల కింద తెల్లని వెలుతురు కిందినుంచి లేస్తుంది. ఎర్రమట్టి నేల మీద ఆ వెలుతురుకు ఎర్రని ఛాయ వస్తుంది. అదే సమయంలో ఆకాశం వైపు తిరిగి ఉన్న నీడలు, ఉదాహరణకు తెల్ల పంచె మీద మడత నీడలు, నీలంగా ఉంటాయి. ఒకే మనిషి మీద నీడ ఒకచోట నీలంగా, మరోచోట ఎర్రగా ఉండటం ఫోటోలో లోపం కాదు, ఎండ తీరే అంత.

రోడ్డు పక్క పూలు అమ్మే మనిషి ఫోటో ఒకటి రిఫరెన్స్‌గా ఉందనుకుంటే, "మధ్యాహ్నపు మండుటెండ" అని వదిలేయకుండా ఇలా రాయవచ్చు: "ఒకే మూలం, మబ్బులేని ఎండ, దాదాపు నడినెత్తినుంచి, బుట్ట నీడ బుట్ట కిందే ముడుచుకుని ఉంది. అన్ని నీడల అంచులూ పదును. కళ్లు నీడలో, పాపలో మెరుపు లేదు, ముక్కు నీడ పై పెదవి మీద. ఎండకూ నీడకూ సుమారు మూడు స్టాపుల తేడా, నీడలో చీర మడతలు మాత్రమే తెలుస్తాయి. కింద సిమెంటు చప్టా. గడ్డం కింద పలచని తెల్ల వెలుతురు. తెల్లపూల మీద ఎండ పడిన చోట రేకుల గీతలు మాయమయ్యాయి. నీడలోని పూలు కొద్దిగా నీలం."

వర్ణన ఎక్కడ తప్పుతుంది

రాసిన వర్ణనను సరిచూసుకోవడానికి మొదటి పద్ధతి, అందులో ఒకదానికొకటి పడని మాటలు ఉన్నాయేమో చూడటం. "నడినెత్తి ఎండ, పొడవాటి నీడలు" అన్నవి ఒక చోట పొసగవు. "మబ్బు పట్టిన పగలు, పదునైన నీడలు" అన్నా అంతే. ఇలాంటివి కనిపిస్తే బొమ్మనే మళ్లీ చూడాలి. బొమ్మలో అవి నిజంగానే ఉంటే అక్కడ రెండో మూలం ఉండాలి. నీడలు రెండు దిక్కులకు పడుతున్నా, పాపలో రెండు మెరుపు చుక్కలున్నా, ఒకే తెలుపు ఎడమన ఒక రంగుగా, కుడిన మరో రంగుగా ఉన్నా రెండో మూలం ఉన్నట్టే. అప్పుడు బలమైనదాన్ని ముందు పూర్తిగా వర్ణించి, తర్వాతే రెండోదాన్ని వేరుగా చెప్పాలి. రెంటినీ కలిపి ఒకే వాక్యంలో చెబితే ఏ నీడ దేనిదో తెలియకుండా పోతుంది.

రెండో పద్ధతి, వర్ణనను బొమ్మ చూడని మనిషికి ఇచ్చి, ఒక గుడ్డు బొమ్మ గీసి దాని మీద వెలుగు, నీడ, నేల మీద పడే నీడ వేయమనడం. గుడ్డుకు కళ్లూ ముక్కూ ఉండవు కాబట్టి గీసేవారికి వర్ణన తప్ప మరో ఆధారం ఉండదు. నేల నీడ అసలు బొమ్మలో కంటే వేరే వైపుకు పడితే దిక్కు సరిగా చెప్పలేదన్నమాట. పొడవు తేడా వస్తే ఎత్తు చెప్పలేదన్నమాట. అంచు ఎలా వేయాలో అడిగితే మెత్తదనాన్ని విశేషణంతో సరిపెట్టారన్నమాట.

బొమ్మను చూసి చెప్పలేని సంగతులు కూడా కొన్ని ఉన్నాయి. మనిషి దగ్గరున్న పెద్ద కిటికీ, అంతే పెద్ద తెర కట్టి అంతే దూరంలో పెట్టిన లైటు ముఖం మీద దాదాపు ఒకే నీడ వేస్తాయి. అసలు వెలుతురు ఎంత ప్రకాశంగా ఉందన్నది కూడా ఫోటోలో మిగలదు. కెమెరా మసక గదినీ మండుటెండనూ ఒకే ప్రకాశానికి తెచ్చి చూపగలదు. కాబట్టి వర్ణనలో చూసినది వేరు, ఊహించినది వేరు అని తెలిసేలా రాయాలి. "ఎడమనుంచి వెడల్పైన మూలం" అన్నది చూసినది. "బహుశా కిటికీ" అన్నది ఊహ. అమర్చేవారికి మొదటిది తప్పనిసరిగా కావాలి. రెండోది వారి దగ్గరున్న సామగ్రిని బట్టి కిటికీ కావచ్చు, తెల్ల గుడ్డ కట్టిన లైటూ కావచ్చు.